ఒక్క వాక్యం మెచ్చుకోలు, అందులో వినపడని గొంతు

"ఇంత వివరంగా ఎవరూ రాయరండీ."

ఈ నాలుగు మాటల్ని నేను తప్పుగా చదివాను. ఆ తప్పు వల్ల ఇంకొకరికి రెండు రోజుల పని వృథా అయింది. అందుకే ఇది రాస్తున్నాను.

సంగతి ఇది. నెలాఖరున రెండు పట్టికలు సరిచూసే పని కొన్నేళ్లుగా నేను చూసేదాన్ని. దాన్ని ఇంకొకావిడకి అప్పగించాల్సి వచ్చింది. ఆ పని ఎలా చేయాలో 14 పేజీల్లో రాసి ఆవిడకి పంపాను. పైన రెండు లైన్ల ఉత్తరం పెట్టాను: "కాస్త పొడవైంది, ఓపిగ్గా చదవండి." పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ఆ ఒక్క వాక్యమే, చివర ఒక చుక్క. ఇంకేమీ లేదు.

చదవగానే నా ముఖం వేడెక్కింది. పది నిమిషాల్లో 14 పేజీలు ఎవరు చదువుతారు? చదవకుండానే "ఇంత వివరంగా" అంటే, ఇంత పొడుగ్గా రాసి నా ప్రాణం తీశారు అని కదా అర్థం? పైగా అంతకు రెండు రోజుల ముందే వేరే ఒకరు నాతో "మీ మెయిల్ చదవాలంటే సెలవు పెట్టాలి" అన్నారు. ఆ మాట ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. "సరే, కుదించి పంపుతాను" అని పొడిగా జవాబిచ్చాను. 14 పేజీల్ని 3 పేజీలకి తగ్గించాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని కూడా నాకు అనుకూలంగానే అర్థం చేసుకున్నాను.

తరవాతి నెలాఖరున రెండు పట్టికల మొత్తాలు కలవలేదు. ఆవిడ రెండు రోజులు వెతికారు. చివరికి నాకు ఫోన్ చేస్తే నిమిషంలో తేలిపోయింది. నెల చివరి రోజు సాయంత్రం నమోదైనవి ఒక పట్టికలో ఈ నెలలో పడతాయి, రెండో పట్టికలో వచ్చే నెలలో పడతాయి. వాటిని విడిగా తీసి కలిపితే లెక్క సరిపోతుంది. ఇది మొదట రాసిన దాంట్లో 9వ పేజీలో ఉంది. నేను కుదించినప్పుడు తీసేసిన వాటిలో అదీ ఒకటి. "అదేంటండీ, మొదట పంపిన దాంట్లో అది ఉంది కదా, నేను ముందు చూసింది ఆ పేజీనే. ఎందుకు తీసేశారు?" అని ఆవిడ అడిగారు. పాత పనిలో ఆవిడకి సరిగ్గా అలాంటి చిక్కే ఎదురైందట. అందుకే ఫైలు తెరవగానే నేరుగా అక్కడికి వెళ్లి చూశారు. దొరికింది. సంతోషంగా ఆ ఒక్క వాక్యం రాశారు. నా పొడి జవాబు చూసి, నేనే నా రాతని మెరుగుపరచాలనుకుంటున్నానని ఊరుకున్నారు. కొత్త ఫైలు వచ్చాక పాతది తీసేశారు.

ఆ తరవాత చాలా రోజులు ఆ వాక్యాన్ని తిరగేసి చూశాను. వెటకారం అని నాకు అంత గట్టిగా అనిపించడానికి అందులో ఏముంది? ఏమీ లేదు. అనిపించినదంతా నా దగ్గరి నుంచే వెళ్లింది.

మన పాత అలంకారికులు గొంతులో వచ్చే మార్పుకి ఒక పేరు పెట్టారు, కాకువు అని. ఒకే మాటని గొంతు మార్చి అంటే అర్థం తిరగబడుతుంది. రాసిన మాటలో ఆ కాకువు ఉండదు. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో ఇచ్చిన ఒక శ్లోకం ఈ విషయానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. తెలుగులో దాని భావం: నువ్వు ఎంతో ఉపకారం చేశావు, ఏమని చెప్పను, నీ మంచితనం బాగా చాటుకున్నావు, మిత్రమా, ఎప్పుడూ ఇలాగే చేస్తూ నూరేళ్లు సుఖంగా ఉండు. ఇది విడిగా చదివితే కృతజ్ఞత చెబుతున్నట్టే ఉంటుంది. ఇది అపకారం చేసినవాడితో అంటున్న మాట, అర్థం తిరగేసి తీసుకోవాలి అని మమ్మటుడే శ్లోకం కింద చెప్పాడు. చెప్పకపోతే తెలిసే దారి లేదు. ఆ నాలుగు పాదాల్లో వెటకారానికి సాక్ష్యమంటూ ఒక్క మాట కూడా లేదు. సాక్ష్యమంతా బయట, ఆ మనిషి చేసిన పనిలో ఉంది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. చిన్న వ్యాఖ్యలో గొంతు వెతకడం అంటే ఆ వాక్యాన్నే పదేపదే చదవడం అనుకుంటాం. పదేపదే చదివిన కొద్దీ మనకి వినపడేది మన గొంతే. చూడాల్సింది ఆ మాటకీ, అది దేని గురించి అన్నారో దానికీ మధ్య ఉన్న దూరం.

దీన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. 2005లో మనస్తత్వ పరిశోధకులు జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, మరో ఇద్దరు కలిసి అచ్చువేసిన ప్రయోగాల్లో ఒకటి ఇలా సాగింది. కొందరు కొన్ని వాక్యాల్ని కొన్నిసార్లు వెటకారంగా, కొన్నిసార్లు మామూలుగా ఎదుటివాళ్లకి చేరవేయాలి. కొందరు గొంతుతో చెబుతారు, కొందరు ఈమెయిల్లో పంపుతారు. ఏది ఏమిటో అవతలివాళ్లు చెప్పాలి. మా ఉద్దేశం నూటికి 78 సార్లు అందుతుంది అని పంపినవాళ్లు రెండు పద్ధతుల్లోనూ అనుకున్నారు. గొంతుతో చెప్పినప్పుడు 73 సార్ల దాకా అందింది. ఈమెయిల్లో 56 సార్లు. జవాబులు రెండే కాబట్టి కళ్లు మూసుకుని చెప్పినా 50 సార్లు సరిపోతుంది. అంటే చదివినవాళ్లు దాదాపు బొమ్మా బొరుసా వేసినట్టే. నన్ను ఇంకా ఆపింది వేరే సంగతి: చదివినవాళ్లకి కూడా తాము సరిగ్గా పట్టుకున్నామనే నమ్మకం బలంగా ఉంది. నాకు ఆ రోజు ఉన్నట్టు.

అదే ప్రయోగాల్లో ఇంకొకటి నాకు రోజూ పనికొస్తోంది. పంపేవాళ్ల చేత ఆ వాక్యాన్ని తమ ఉద్దేశానికి విరుద్ధమైన గొంతుతో బయటికి చదివించారు. అప్పుడు వాళ్ల అతి నమ్మకం తగ్గింది. నేను దీన్ని చదివేటప్పుడు వాడుతున్నాను. ఒక వ్యాఖ్య గుచ్చుకోగానే దాన్ని రెండుసార్లు పైకి చదువుతాను. ఒకసారి దెప్పుతున్నట్టు, ఒకసారి నాకు బాగా ఇష్టమైన మనిషి మనస్ఫూర్తిగా అంటున్నట్టు. "ఇంత వివరంగా ఎవరూ రాయరండీ." రెండు గొంతులూ ఆ వాక్యానికి సరిగ్గా సరిపోయాయి. సరిపోయాయంటే వాక్యం నుంచి తేలేది ఏమీ లేదని అర్థం. ఇక బయటికి వెళ్లి చూడాలి.

బయట మొదట చూడాల్సింది, మెచ్చుకున్న గుణం నిజంగా అక్కడ ఉందా లేదా అని. పొగడ్త రూపంలో ఉన్న వెటకారం నడవాలంటే ఆ పొగడ్త అబద్ధమై ఉండాలి. అబద్ధమని ఇద్దరికీ తెలిసి ఉండాలి. అన్నవాడికి తెలిసినట్టు విన్నవాడికీ తెలియాలి. మీటింగ్ రద్దైందని మొదలయ్యే నిమిషంలో చెప్పినవాళ్లకి "ముందే చెప్పినందుకు చాలా థాంక్స్" అని ఎవరైనా రాస్తే అందులో సందేహం లేదు. "ముందే" అన్నది అబద్ధం, అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు నా వాక్యానికి వద్దాం. 14 పేజీల రాత వివరంగా ఉందా? ఉంది. ఆవిడ అన్నమాట అక్షరాలా నిజం. తిరగేయడానికి అక్కడ అబద్ధం లేదు. ఇదే వాక్యాన్ని నేను పంపిన ఒక్క లైను నోటుకి జవాబుగా ఎవరైనా రాసి ఉంటే అది ఖాయంగా ఎత్తిపొడుపే. మాట అదే, కింద ఉన్న వస్తువు మారింది.

ఈ పరీక్షకి ఒక హద్దు ఉంది. నిజమైన మాటతో కూడా వెటకారం చేయొచ్చు. అన్నింట్లో తలదూర్చి చెప్పేవాడితో "నీకన్నీ తెలుసే!" అంటారు. వాడికి నిజంగానే తెలిసి ఉండొచ్చు. ఎత్తిపొడిచేది తెలియడాన్ని కాదు, అతిని. నా విషయంలోనూ "ఇంత" అనే మాట అలా ఒరగడానికి వీలున్నదే. ఇలాంటి చోట మొదటి పరీక్షతో పని జరగదు.

అప్పుడు మన భాష సాయం చేస్తుంది. గొంతు కాగితం మీద పడదన్నాను కానీ, తెలుగులో అది కొంతవరకు పడుతుంది. మాటల చివర పడే చిన్న తోకల్లో, మాటల వరసలో పడుతుంది. "బాగుంది" అంటే బాగుంది. "బాగానే ఉంది" అంటే ఏదో లోటు మింగేసి అన్నమాట. "బాగుందిలే" అంటే ఇక ఆపు అన్నట్టు. "బాగుంది మరి" అంటే ఆ పక్కనే చెప్పని మాట ఇంకేదో ఉంది. "అబ్బో" అన్నది చిన్నపిల్లల్ని మురిపించేటప్పుడు తప్ప పెద్దవాళ్ల మధ్య మనస్ఫూర్తిగా రావడం తక్కువ. "పాపం చాలా కష్టపడ్డారు" అంటే ఆ "పాపం" రెండు వైపులా కోస్తుంది, అక్కడ తొందరపడకూడదు.

వరస ఇంకా పెద్ద గుర్తు. మామూలుగా క్రియ చివర వస్తుంది: "గొప్పగా రాశారు." క్రియ ముందుకొచ్చి మెచ్చుకోలు వెనక్కి పోతే, "రాశారులెండి గొప్పగా," "చేశావులే పెద్ద పని," అక్కడ వెటకారం దాదాపు ఖాయం. నేను గమనించినంతలో ఈ తిరగేసిన వరస, "లే" తోక రెండూ కలిస్తే మనస్ఫూర్తిగా అన్న మెచ్చుకోలు ఒక్కటి కూడా కనపడలేదు. విడివిడిగా వస్తే మాత్రం అంత నమ్మకం లేదు. ఎందుకంటే ఉత్సాహంలో కూడా వరస తిరుగుతుంది: "ఇరగదీశారు అసలు మీరు!"

మూడోది మర్యాద మెట్టు. నువ్వు అని పిలిచే స్నేహితుడు ఒక్కసారిగా "తమరి దయ," "మీరు మహానుభావులు" అంటే ఎక్కిన ఆ మెట్టులోనే చురక ఉంటుంది. ఎప్పుడూ మీరు అనేవాళ్లు మీరు అంటే అందులో ఏ సంగతీ లేదు. ఈ ఒక్క విషయంలో మనం అదృష్టవంతులమనిపిస్తుంది. ప్రతి వాక్యంలోనూ దూరం ఎంతో కొలిచే గుర్తు మన క్రియకే అంటుకుని వస్తుంది.

నా వాక్యంలో ఇవేవీ లేవు. "రాయరులెండి" అనలేదు, "రాయరండీ" అన్నారు. వరస మామూలు వరస. మర్యాద ఎప్పుడూ ఉండే మర్యాద.

మరి ఆ చుక్క? ఒకే ఒక వాక్యం రాసి ఊరుకోవడం? నన్ను ఎక్కువగా తప్పుదారి పట్టించినవి అవే. చివర చుక్క పెట్టి రాస్తే కోపమనీ, మూడు చుక్కలు పెడితే ఏదో దాస్తున్నారనీ, ఆశ్చర్యార్థకం లేకపోతే ఉత్సాహం లేదనీ ఈ మధ్య చాలామంది చదువుతున్నారు. అవి కొందరి విషయంలో నిజమే. కానీ ప్రతి విరామం దగ్గరా మూడు చుక్కలు పెట్టేవాళ్లు నాకు తెలుసు, వాళ్లకి అది కామాతో సమానం. ఆ గుర్తుకి విడిగా అర్థం లేదు, ఆ మనిషి అలవాటు నుంచి ఎంత తప్పుకుంది అన్నదానికే అర్థం ఉంది. ఫోన్ వచ్చిన రోజు రాత్రి ఆవిడ అంతకుముందు నాకు పంపిన మెసేజీలన్నీ వెనక్కి వెళ్లి చూశాను. పదిహేను దాకా ఉన్నాయి. అన్నీ ఒక్కొక్క వాక్యమే, అన్నింటి చివరా చుక్కే. "ఫైలు అందింది." "రేపు మాట్లాడదాం." "మీ అమ్మగారు త్వరగా కోలుకోవాలి." చివరిదాన్ని వెటకారంగా చదవడం ఎవరి తరం? అదే మనిషి, అదే చుక్క. ఆ పదిహేను మెసేజీలూ నేను ముందే చూసి ఉంటే ఇంత జరిగేది కాదు. అవి చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఇంకొకటి కూడా చూడాల్సింది, ఆవిడ ఎవరి మాటని తిరిగి అన్నారు అని. 1981లో డాన్ స్పెర్బర్, డెయిర్డ్ర విల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. వెటకారం చేసేవాడు తన మాట తాను అనడు, ఇంకొకరు అన్న మాటనో, అనుకున్న మాటనో ప్రతిధ్వనిలా తిప్పి అని, దాని పట్ల తన తిరస్కారం చూపిస్తాడు అని. ఇది నాకు చాలా నిజమనిపిస్తుంది. "అయిదు నిమిషాల పని" అని మీరు చెప్పిన పని అయిదు గంటలు పడితే, "నిజంగా అయిదు నిమిషాల పనే" అని మీ మాటే మీకు తిరిగొస్తుంది. అందుకే వ్యాఖ్యలోని మెచ్చుకోలు మాట నా నోట ముందు వచ్చిందా అని వెతకాలి. నేను రాసిన రెండు లైన్లలో "పొడవు" ఉంది, "ఓపిక" ఉంది. ఆవిడకి చురక వేయాలని ఉంటే చేతికందే మాటలు అవే: "చాలా ఓపిగ్గా చదివానండీ." ఆవిడ వాటిని ముట్టుకోలేదు. "వివరం" అనే సొంత మాట తెచ్చారు. పొడవు అన్నది నా భయం, వివరం అన్నది ఆవిడకి కనపడింది.

ఇవన్నీ చూశాక కూడా తేలని వ్యాఖ్యలు ఉంటాయి. అప్పుడు మెచ్చుకోలుగానే తీసుకోవాలని నా వాదన. అమాయకంగా కనపడతామేమో, అవతలివాళ్లు నవ్వుకుంటారేమో అని ఒక స్నేహితురాలు అభ్యంతరం చెప్పింది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ రెండు తప్పుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. వెటకారాన్ని మెచ్చుకోలుగా తీసుకుని "సంతోషమండీ, ఏ భాగం పనికొచ్చింది?" అని అడిగితే, ఫిర్యాదు ఉన్నవాళ్లు దాన్ని విప్పి చెప్పక తప్పదు: "పనికిరావడం సంగతి అటుంచండి, మొదటి నాలుగు పేజీలు అనవసరం." నాకు కావలసిన సంగతి దొరికింది. మెచ్చుకోలుని వెటకారంగా తీసుకుని ముఖం ముడుచుకుంటే అవతలి మనిషికి ఏం జరిగిందో కూడా తెలియదు. సరిదిద్దే అవకాశం ఎవరికీ ఉండదు. నా విషయంలో నెల తరవాత లెక్క తప్పింది కాబట్టి బయటపడింది. లెక్క తప్పకపోయి ఉంటే ఆవిడ వెటకారం మనిషని ఇప్పటికీ అనుకుంటూ ఉండేదాన్ని.

అడిగేటప్పుడు "ఇది వెటకారమా?" అని అడగకూడదని కూడా నేర్చుకున్నాను. మనసారా మెచ్చుకున్నవాళ్లకి అది అవమానం, వెటకారం చేసినవాళ్లు ఎలాగూ ఒప్పుకోరు. పని గురించే అడగాలి. ఏది ఉంచాలి, ఏది తీసేయొచ్చు అని. నిజంగా మెచ్చుకున్నవాళ్లు ఒక చోటు వేలు పెట్టి చూపిస్తారు. నేను ఆ రోజు అడిగి ఉంటే ఆవిడ "9వ పేజీ" అనేవారు.

ఒక్కచోట ఈ సలహా ఇవ్వను. ఒకే మనిషి, నలుగురి ముందు, మళ్లీ మళ్లీ, మీకు రాని పనినే ఎంచి మెచ్చుకుంటూ ఉంటే అక్కడ ఒక్కొక్క వాక్యం అర్థం వెతకనక్కర్లేదు. విడిగా చూస్తే ప్రతిదీ మంచిమాటలా కనపడేలా జాగ్రత్తపడటమే ఆ పద్ధతి. అలాంటి మాటల్ని నమ్మి తీసుకోవడం మనల్ని మనం బాధపెట్టుకోవడమే. అక్కడ సాక్ష్యం ఒక వాక్యంలో ఉండదు, వరసలో ఉంటుంది.

మెచ్చుకునేవాళ్ల వైపు నుంచి చూస్తే పని చాలా చిన్నది. ఒక్క వాక్యమే రాయండి, కానీ అందులో చదివితే తప్ప తెలియని సంగతి ఒకటి పెట్టండి. "ఇంత వివరంగా ఎవరూ రాయరండీ" అన్నదానికి "చివరి రోజు నమోదుల సంగతి కూడా చెప్పారు" అని కలిపితే, ఎంత బెదిరిపోయి ఉన్న మనిషైనా దాన్ని రెండో గొంతుతో చదవలేరు. ఆవిడ రాయలేదని తప్పు పట్టడం లేదు. తన గొంతు తనకి స్పష్టంగా వినపడుతున్నప్పుడు అది అవతలికి చేరదని ఎవరికి తోస్తుంది? నాకూ తోచదు.

ఫోన్ పెట్టేశాక పాత 14 పేజీల ఫైలు వెతికి మళ్లీ పంపాను. నేను వాక్యాన్ని తప్పుగా చదివి కుదించానని, అందుకే ఆవిడకి రెండు రోజులు పోయాయని రాశాను. జవాబు పది నిమిషాల్లో వచ్చింది.

"ఈసారి తీసేయకండి, దాచుకుంటాను."

చివర చుక్క ఉంది.